మీ కార్డును కాదన్నది ఎవరు?

డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక తెలుగు అమ్మాయి సెలవు పెట్టి విజయవాడలోని పుట్టింటికి వచ్చిందనుకుందాం. తెల్లవారితే చికాగోలో ఉన్న తమ్ముడి పుట్టినరోజు. అమెరికాలోని ఒక ఎలక్ట్రానిక్స్ సైటులో 400 డాలర్ల గిఫ్ట్ కార్డు కొని అతని ఈమెయిలుకు పంపిద్దామనుకుంది. ఆ సైటులో ఇంతకు ముందెప్పుడూ ఏమీ కొనలేదు. లాప్‌టాప్ డాలస్‌లోనే ఉండిపోయింది కాబట్టి నాన్న కంప్యూటరు ముందు కూర్చుంది. కొత్తగా ఖాతా తెరిచింది. కార్డు నంబరు, గడువు తేదీ, వెనక ఉండే మూడంకెలు, డాలస్ ఇంటి అడ్రసు, అన్నీ ఒక్క తప్పు లేకుండా కొట్టింది. కార్డు ఆమెదే. లిమిట్ కావలసినంత ఉంది. బిల్లులు ఏనాడూ ఆలస్యం కాలేదు. అయినా ‘పే’ నొక్కిన రెండు మూడు సెకన్లకే పేమెంట్ జరగలేదని, వేరే కార్డుతో ప్రయత్నించమని తెర మీద వచ్చింది. ఎందుకో చెప్పలేదు.

ఇది నేను కల్పించి చెబుతున్న ఉదాహరణ. కానీ సెలవులకు ఇంటికొచ్చిన ప్రవాసులకు ఇలాంటిది కొత్తేమీ కాదు. ఆ రెండు మూడు సెకన్లలో ఆమెను కాదన్నది మనిషి కాదు. ఆమె కార్డులో లోపమూ లేదు. ఆ కొనుగోలు చేస్తున్నది కార్డు యజమానా, దొంగా అని అంచనా వేసి ఒక అంకె చెప్పే ప్రోగ్రాము ఒకటుంది. దాన్నే రిస్క్ ఇంజిన్ అంటారు. మన చేతిలోని ప్రతి కార్డూ ఆన్‌లైన్లో వాడిన ప్రతిసారీ అలాంటి ఒకటో రెండో ఇంజిన్ల ముందు నిలబడి బయటికొస్తోంది. అవి ఏం చూస్తాయో, ఎలా తేలుస్తాయో, ఎక్కడ పొరబడతాయో ఈ అమ్మాయి వెంటే వెళ్లి చూద్దాం.

ముందుగా మనకు తట్టే ప్రశ్న: ఓటీపీ అడిగితే సరిపోయేది కదా? మన దేశంలో 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో ధ్రువీకరణ తప్పనిసరి అని రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది. అందుకే మనకు ఓటీపీ లేని చెల్లింపు అసలు చెల్లింపులాగే అనిపించదు. అమెరికాలో అలాంటి నిబంధన లేదు. కార్డు మీద ముద్రించిన అంకెలు తెలిస్తే చాలు, వస్తువు కొనేయొచ్చు. ఆ అంకెలు దొంగకు ఎలాగూ తెలుసు. ఏదో ఒక దుకాణం సర్వరు నుంచి కాజేసి ఉంటాడు, లేదా నకిలీ సైటులో యజమాని చేతే కొట్టించుకుని ఉంటాడు. అంకెలు ఇద్దరి దగ్గరా ఒకటే అయినప్పుడు దొంగనీ దొరనీ వేరుచేయాలంటే అంకెల చుట్టూ ఉన్న పరిస్థితినే చూడాలి. ఈ అవసరం పాతదే. శాన్‌డియాగోకు చెందిన హెచ్‌ఎన్‌సీ అనే సంస్థ 1992లో ఫాల్కన్ పేరుతో కార్డు మోసాలను పసిగట్టే న్యూరల్ నెట్‌వర్క్ ప్రోగ్రామును బ్యాంకులకు ఇచ్చింది. 1993లో వీసా తన నెట్‌వర్కులో అలాంటిదాన్ని పెట్టుకుంది. అప్పట్లో వాటికి కనిపించింది కార్డు వాడకం ఒక్కటే. ఎంతకు, ఎక్కడ, ఏ వేళకు అన్నవే ఆధారాలు. ఆన్‌లైన్ దుకాణాలు వచ్చాక కొనేవాడి చేతిలోని కంప్యూటరూ ఫోనూ కూడా సాక్ష్యం చెప్పడం మొదలైంది.

ఆ సాక్ష్యం ‘పే’ నొక్కకముందే మొదలవుతుంది. చెల్లింపు పేజీ తెరుచుకోగానే అందులో ఉన్న చిన్న ప్రోగ్రాము ఒకటి బ్రౌజరును కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. ఏ బ్రౌజరు, ఏ వెర్షను? తెర ఎంత వెడల్పు, ఎంత ఎత్తు? ఏ భాషలో పెట్టుకున్నారు? గడియారం ఏ దేశపు సమయం చూపిస్తోంది? ఒక బొమ్మను తెర వెనక గీయించి, ఆ గీత ఈ కంప్యూటరులో సరిగ్గా ఎలా వచ్చిందో కూడా కొన్ని ప్రోగ్రాములు చూసుకుంటాయి. గ్రాఫిక్స్ చిప్పును బట్టి, ఉన్న ఫాంట్లను బట్టి ఆ బొమ్మలో సన్నని తేడాలు వస్తాయి. విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ రహస్యం కాదు. మీ తెర కొలతే లక్షల మందికి ఉంటుంది. కానీ అన్నిటినీ కలిపితే అలాంటి కలయిక చాలా కొద్దిమందికే ఉంటుంది. ముఖం కనిపించకపోయినా నడక చూసి వీధి చివర వస్తున్నది ఫలానా అని పోల్చుకున్నట్టే, పేరు తెలియకపోయినా ఇది ముందు చూసిన కంప్యూటరా కాదా అన్నది ఇంజిన్ పోల్చుకుంటుంది. ఈ కలయికను డివైజ్ ఫింగర్‌ప్రింట్ అంటారు.

మన అమ్మాయి విషయంలో ఆ ప్రోగ్రాముకు దొరికిన జవాబులు ఇవి. కంప్యూటరు గడియారం భారత కాలమానంలో ఉంది. జావాస్క్రిప్టు దాన్ని -330 అనే అంకెగా చెబుతుంది, గ్రీనిచ్ సమయానికి 330 నిమిషాలు ముందున్నామని దాని అర్థం. భాష భారతీయ ఇంగ్లీషు. ఈ కంప్యూటరు ఈ దుకాణంలో ఎన్నడూ కనిపించలేదు. ఈ కార్డు ఈ కంప్యూటరు మీద ఎన్నడూ వాడలేదు.

తరువాత స్థలం. ఇక్కడ జీపీఎస్ ఊసే లేదు. సైటు మీ ఫోను ఉపగ్రహాలను అడిగి మీరెక్కడున్నారో చూస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, మామూలు వెబ్‌సైటు చెల్లింపులో స్థలం తెలిసేది ఎక్కువగా ఐపీ అడ్రసును బట్టే. ఏ ఐపీ అడ్రసుల గుంపు ఏ కంపెనీది, ఏ దేశంలో వాడుతున్నారు అన్నది రాసిపెట్టుకున్న పెద్ద పట్టికలు అమ్మే సంస్థలున్నాయి. ఇంజిన్ ఆ పట్టికలో చూస్తుంది. దేశం దాదాపు ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది. ఊరు మాత్రం నమ్మకం లేదు. విజయవాడలో కూర్చున్నవాళ్లు హైదరాబాదులోనో చెన్నైలోనో ఉన్నట్టు కనిపించవచ్చు. మన మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే ఐపీ అడ్రసును ఎంతోమంది చందాదారులు పంచుకుంటారు కాబట్టి ఒకే అడ్రసు నుంచి పది కార్డులు వచ్చినంత మాత్రాన అది దొంగల ముఠా అనుకోవడానికీ లేదు. ఈ సంగతి తెలియని ఇంజిన్, అంటే ఇంటింటికీ వేరే అడ్రసు ఉండే దేశంలో తయారై ఇక్కడి నెట్‌వర్కులను చూడని ఇంజిన్, మన మొబైల్ వాడకందార్లను ఊరికే అనుమానిస్తుంది.

ఊరి పేరు కంటే విలువైన సంగతి ఇంకొకటి ఆ పట్టికలో ఉంటుంది. అది ఎలాంటి అడ్రసు? ఇంటి బ్రాడ్‌బ్యాండా, మొబైల్ కంపెనీదా, సర్వర్లను అద్దెకిచ్చే డేటా సెంటరుదా? డేటా సెంటరులో ఎవరూ కాపురం ఉండరు. అక్కడి నుంచి షాపింగు జరుగుతోందంటే ఎవరో తమ అసలు చోటును దాచుకుంటున్నారన్నమాట. మన అమ్మాయిది ఇంటి బ్రాడ్‌బ్యాండ్. అది ఆమెకు కొంత కలిసొచ్చే అంశం. కొంతే ఎందుకంటే, ఇతరుల ఇళ్లలోని కనెక్షన్ల మీదుగా తమ రాకపోకలను మళ్లించే దొంగలూ ఉన్నారు.

ఇప్పుడు కార్డు. మొదటి ఆరు లేక ఎనిమిది అంకెలు ఏ బ్యాంకు, ఏ దేశం, ఏ రకం కార్డు అన్నది చెబుతాయి. ఇది అమెరికా బ్యాంకు క్రెడిట్ కార్డు. అమెరికాలో ఇంకో సదుపాయం ఉంది. కొన్నవాళ్లు కొట్టిన ఇంటి నంబరు, పిన్‌కోడ్ బ్యాంకు రికార్డుతో సరిపోతున్నాయా అని అడిగితే బ్యాంకు అవుననో కాదనో చెబుతుంది. ఆమె అడ్రసు సరిపోయింది. అపార్ట్‌మెంటు మారాక బ్యాంకులో అడ్రసు మార్చుకోని వాళ్ల చెల్లింపులు ఆగేది తరచు ఇక్కడే. అయితే సరిపోయినంత మాత్రాన ఇంజిన్ పొంగిపోదు. కార్డు అంకెలు అమ్ముకునే దొంగ బజార్లలో అడ్రసు కూడా కలిపే అమ్ముతారు.

ఇవన్నీ ఒక చోట పెట్టి చూడండి. అమెరికా కార్డు. భారతదేశంలో కంప్యూటరు. ఎన్నడూ చూడని డివైజ్. కొన్ని నిమిషాల కిందట పుట్టిన ఖాతా. కొంటున్నది గిఫ్ట్ కార్డు, అంటే ఇంటికి మోసుకెళ్లి ఇవ్వాల్సిన వస్తువు కాదు, ఈమెయిలులో క్షణంలో చేరిపోయి మరుక్షణం మారుబేరానికి వెళ్లిపోగలిగేది. చేరేది కొన్నవాళ్ల ఈమెయిలుకు కాదు, మూడో మనిషికి. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు, ఒక్కటీ తప్పు కాదు. తమ్ముడికి కానుక పంపడం నేరమా? కానీ దొంగిలించిన కార్డుతో దూరదేశం నుంచి గిఫ్ట్ కార్డు కొనేవాడు వదిలే ఆనవాళ్లు కూడా అచ్చంగా ఇవే.

ఇంజిన్ వీటిని కూడికల లెక్కగా చూడదని గమనించాలి. విదేశీ ఐపీకి పది మార్కులు, కొత్త డివైజ్‌కు పది మార్కులు అని వేసుకుంటూ పోయేది పాతకాలపు పద్ధతి. ఇప్పటి ఇంజిన్లు గతంలో జరిగిన కోట్ల చెల్లింపులను, వాటిలో ఏవి మోసమని తరువాత తేలిందో ఆ సమాచారాన్నీ చూసి నేర్చుకుంటాయి. విదేశీ ఐపీ నుంచి హోటల్ గది బుక్ చేయడం మామూలు విషయం, ప్రయాణంలో ఉన్నవాళ్లు చేసే పనే అది. అదే ఐపీ నుంచి గిఫ్ట్ కార్డు కొనడం వేరు. ఏది దేనితో కలిసి వచ్చిందన్నదే అర్థాన్ని మారుస్తుంది. అందుకే ఫలానా కారణం వల్ల ఆగిందని ఒక్క మాటలో చెప్పడం ఇంజిన్‌ను తయారుచేసినవాళ్లకు కూడా తేలిక కాదు.

చివరికి ఒక అంకె వస్తుంది. స్ట్రైప్ అనే పేమెంట్ సంస్థ తన ఇంజిన్ గురించి బయటికి చెప్పిన వివరాల ప్రకారం, స్కోరు 0 నుంచి 99 దాకా ఉంటుంది. 65 దాటితే అనుమానం పెరిగినట్టు, 75 దాటితే ప్రమాదం ఎక్కువని అర్థం. దుకాణదారు వేరేగా చెప్పకపోతే 75, ఆ పైన వచ్చినవాటిని ఇంజినే ఆపేస్తుంది. మిగతా సంస్థల కొలబద్దలు వేరు గానీ పని తీరు ఇదే.

గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం ఇంజిన్ తేల్చే విషయం కాదు, డబ్బు తేల్చే విషయం. ఇక్కడ కాసేపు ఆగి లెక్క వేసుకోవాలి, ఎందుకంటే డిక్లైన్ వెనక అసలు తర్కం ఇక్కడే ఉంది. మన దుకాణానికి 400 డాలర్ల గిఫ్ట్ కార్డు మీద 20 డాలర్లు మిగులుతుందనుకుందాం. కార్డు దొంగదని తరువాత తేలితే అసలు యజమాని బ్యాంకుకు ఫిర్యాదు చేస్తారు, బ్యాంకు ఆ డబ్బును దుకాణం నుంచి వెనక్కి లాక్కుంటుంది. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. దుకాణం పెట్టుబడి 380 పోతుంది, దాని పైన చార్జ్‌బ్యాక్ రుసుము ఒక 20 వేసుకుంటే నష్టం 400. అంటే ఒక్క దొంగ కొట్టిన దెబ్బ పూడాలంటే 20 మంది నిజాయితీపరులు కొనాలి. అలాంటి పరిస్థితిలో ఉన్న కొనుగోలుదారుల్లో 20 మందికి ఒక్కరు దొంగ అనిపించినా, అంటే 5 శాతం అనుమానం ఉన్నా, ఆపేయడమే దుకాణానికి లాభం. 19 మంది మంచివాళ్లను వెనక్కి పంపుతున్నామని తెలిసి కూడా.

అదే అమ్మాయి అదే రాత్రి అదే కంప్యూటరు మీద 400 డాలర్ల సాఫ్ట్‌వేర్ కొనుంటే? దాన్ని తయారుచేసి ఇవ్వడానికి ఒక్కో కాపీకి 40 డాలర్లే ఖర్చనుకుందాం. మోసమైతే పోయేది 60, నిజమైతే మిగిలేది 360. ఉత్త లాభనష్టాల లెక్కలో ఏడుగురిలో ఆరుగురు దొంగలైనా అమ్మేయొచ్చు. నిజానికి ఏ దుకాణమూ అంతదూరం వెళ్లలేదు. చార్జ్‌బ్యాక్‌లు పెరిగితే కార్డు నెట్‌వర్కులు ఊరుకోవు. మాస్టర్‌కార్డ్ లెక్కలో నెలకు కనీసం 100 చార్జ్‌బ్యాక్‌లు, అవి అమ్మకాల సంఖ్యలో 1.5 శాతం దాటాయంటే ఆ దుకాణం పేరు ప్రత్యేక నిఘా జాబితాలోకి ఎక్కుతుంది, జరిమానాలు మొదలవుతాయి. అయినా ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. ఒక చోట సాగిన కార్డు పక్క దుకాణంలో ఆగిందంటే మీ మీద వాళ్ల అంచనా మారిందని కాదు, మీ వల్ల పోయేదెంత, వచ్చేదెంత అన్నది మారింది.

మళ్లీ అమ్మాయి దగ్గరికి వద్దాం. మొదటిసారి ఆగిపోయాక మనుషులు ఏం చేస్తారో ఆమె కూడా అదే చేసింది. వైఫై మీద అనుమానం వచ్చి తన ఫోను తీసింది. అందులో రోమింగులో ఉన్న అమెరికా సిమ్ ఉంది. ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. రోమింగులో ఉన్నప్పుడు ఇంటర్నెట్ రాకపోకలు చాలావరకు సొంత దేశంలోని కంపెనీ మీదుగానే తిరిగి వస్తాయి. కాబట్టి విజయవాడలో సోఫా మీద కూర్చున్న మనిషి ఐపీ అడ్రసు ప్రకారం అమెరికాలో ఉన్నట్టు కనిపిస్తుంది. గడియారం మాత్రం ఇంకా -330 అంటోంది. ఇంజిన్‌కు కనిపించిందేమిటి? మూడు నిమిషాల కిందట భారతదేశంలో ఉన్న కార్డు ఇప్పుడు అమెరికాలో ఉంది. దాదాపు 14 వేల కిలోమీటర్ల దూరం. డివైజ్ మారింది. స్థలం ఒకటంటోంది, గడియారం మరొకటంటోంది. మళ్లీ కాదంది.

కొందరు ఈ దశలో వీపీఎన్ పెట్టి అమెరికాలో ఉన్నట్టు చూపిద్దామనుకుంటారు. అది డేటా సెంటరు అడ్రసు అవుతుంది, ఇంకా చెడుతుంది. ఆమె అది చేయలేదు గానీ, రెండో కార్డు తీసింది. అది కూడా ఆగాక భర్త కార్డు నంబరు ఫోనులో అడిగి కొట్టింది. దొంగలు చేసే పనుల్లో ఇంజిన్లు అన్నిటికంటే గట్టిగా పట్టుకునేది దీన్నే. కాజేసిన నంబర్ల జాబితాలో ఏది ఇంకా పనిచేస్తోందో తెలుసుకోవడానికి వాళ్లు ఒకే డివైజ్ నుంచి వరసగా కార్డులు మార్చి మార్చి కొడతారు. అందుకే ఒక డివైజ్ మీద గంటలో ఎన్ని కార్డులు, ఒక కార్డు మీద ఎన్ని డివైజులు, ఒక ఈమెయిలు మీద ఎన్ని ప్రయత్నాలు అని ఇంజిన్ నిరంతరం లెక్కపెడుతూ ఉంటుంది. ఆమె ప్రతి ప్రయత్నమూ ఆ లెక్కలను పెంచింది. మొదట సందేహంగా ఉన్నది పావుగంటలో రూఢి అయిపోయింది. నిజాయితీగా, ఓపికగా చేసిన ప్రయత్నమే ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది. ఈ వ్యవస్థలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే సంగతి ఇదే.

ఇంతవరకూ చెప్పింది దుకాణం వైపు ఇంజిన్. అది ఒప్పుకుంటే కథ బ్యాంకుకు వెళ్తుంది, అక్కడ ఇంకో ఇంజిన్ కాచుకుని ఉంటుంది. రెండూ చూసేవి వేరు. దుకాణం కొనేవాళ్ల డివైజును చూస్తుంది గానీ కార్డు చరిత్ర దానికి కొద్దిగానే తెలుసు. బ్యాంకుకు ఆ కార్డు పుట్టినప్పటి నుంచి ప్రతి ఖర్చూ తెలుసు. కానీ మామూలు చెల్లింపు సందేశంలో దానికి అందేది దుకాణం పేరు, దేశం, ఏ రకం దుకాణం, ఎంత మొత్తం లాంటివే. డివైజ్ ఏమిటో, ఏ గడియారమో దానికి తెలియదు. మన అమ్మాయి హైదరాబాదు విమానాశ్రయంలో దిగగానే అదే కార్డు చిప్పుతో కాఫీ కొనుక్కుని ఉంటే బ్యాంకుకు అది మంచి ఆధారం. చిప్పుకు నకలు తీయడం దాదాపు అసాధ్యం కాబట్టి కార్డు యజమాని చేతిలోనే, భారతదేశంలోనే ఉందని తేలిపోతుంది. కానీ బ్యాంకుకు తెలిసిన ఈ సంగతి దుకాణానికి తెలియదు. ఆమె అమాయకత్వానికి రుజువు ఒకరి దగ్గర, అనుమానం మరొకరి దగ్గర ఉండిపోయాయి.

బ్యాంకు జవాబు రెండంకెల్లో వస్తుంది. 00 అంటే సరే. 51 అంటే డబ్బు చాలదు. 54 అంటే గడువు తీరింది. 59 అంటే మోసమని అనుమానం. తరచు వచ్చేది 05. కార్డు వాళ్ల భాషలో దానర్థం ‘ఒప్పుకోవద్దు’ అని మాత్రమే, కారణం అందులో ఉండదు. దుకాణానికి కారణం తెలిసినా కొన్నవాళ్లకు చెప్పొద్దనే పేమెంట్ సంస్థల సలహా. ఐపీ తేడా వల్ల ఆగిందని చెబితే దొంగ వచ్చేసారి ఐపీ సరిచేసుకుని వస్తాడు. ఆ భయం న్యాయమైనదే. దాని భారం మాత్రం మంచివాళ్లే మోస్తున్నారు.

మీ చెల్లింపు ఆగితే ఏ ఇంజిన్ ఆపిందో చాలావరకు మీరే పోల్చుకోవచ్చు. బ్యాంకు యాప్ తెరిచి చూడండి. ఆగిన ప్రయత్నం గురించి బ్యాంకు నుంచి మెసేజో నోటిఫికేషనో వచ్చిందంటే ఆపింది బ్యాంకు. అక్కడ ఏ జాడా లేదంటే దుకాణం ఇంజిన్ బ్యాంకు దాకా పోనివ్వలేదనే అనుకోవాలి. అలాంటప్పుడు బ్యాంకుకు ఫోన్ చేసి ఎంత వాదించినా లాభం లేదు, వాళ్ల దగ్గర రికార్డే ఉండదు. ఒక్కోసారి బ్యాంకు ఒప్పుకున్నాక దుకాణం ఆపుతుంది. అప్పుడు డబ్బు పోయినట్టు కనిపించి కొద్దిరోజుల్లో దానంతటదే వెనక్కి వస్తుంది.

రెండు ఇంజిన్లూ విడివిడిగా ఉండటమే సమస్య అయితే వాటిని కలిపే దారి లేదా? ఉంది. కార్డు సంస్థల ఉమ్మడి ప్రమాణాలను రూపొందించే ఈఎంవీకో 2016లో త్రీడీ సెక్యూర్ కొత్త రూపాన్ని విడుదల చేసింది. అందులో దుకాణం తనకు కనిపించిన బ్రౌజరు, తెర కొలత, గడియారం, ఐపీ, ఖాతా వయసు లాంటివి బ్యాంకుకు పంపుతుంది. బ్యాంకు వాటిని తన దగ్గరున్న చరిత్రతో కలిపి చూస్తుంది. నమ్మకం కుదిరితే ఏమీ అడగకుండానే వదిలేస్తుంది. సందేహముంటే యాప్‌లో ఒప్పుకోమనో కోడ్ కొట్టమనో అడుగుతుంది. పైగా ఇలా బ్యాంకు ధ్రువీకరించిన చెల్లింపు మోసమని తేలితే నష్టం మామూలుగా దుకాణం మీద కాక బ్యాంకు మీద పడుతుంది. మన అమ్మాయికి అవునూ కాదూ మధ్యలో దొరకనిది ఈ మూడో జవాబే. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే గిఫ్ట్ కార్డు ఆ రాత్రే చికాగో చేరేది. కానీ అమెరికాలో ఇది దుకాణాల ఇష్టం. అదనపు మెట్టు పెడితే కొనేవాళ్లు మధ్యలో వెళ్లిపోతారని చాలా దుకాణాలు దాని జోలికి పోవు.

ఇక ఇంజిన్ తన తప్పులనుంచి ఎలా నేర్చుకుంటుందన్నది చూడాలి. ఒప్పుకున్న చెల్లింపు మోసమైతే వారాల్లోనో నెలల్లోనో చార్జ్‌బ్యాక్ వస్తుంది, ఇది తప్పు అని గుర్తు పడుతుంది. కాదన్న చెల్లింపు మంచిదైతే? ఏ గుర్తూ పడదు. ఆమె విసుగొచ్చి లేచిపోయింది, మర్నాడు వేరే సైటులో కొనుక్కుంది. ఇంజిన్ లెక్కలో మాత్రం ఒక మోసం ఆగిందన్న గర్వం మిగిలింది. ఇలాంటి వాటితోనే మళ్లీ శిక్షణ ఇస్తే భారతదేశపు గడియారం, అమెరికా కార్డు కలిసి వచ్చిన చోట మంచివాళ్లు ఉంటారన్న సంగతి అది నేర్చుకునే అవకాశమే ఉండదు. దీనికి విరుగుడు పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. ఆపాల్సిన వాటిలో చాలా కొద్ది భాగాన్ని కావాలనే వదిలిపెట్టి, వాటిలో ఎన్ని నిజంగా మోసాలయ్యాయో చూడాలి. కొంత నష్టం కళ్లు తెరిచి భరిస్తేనే తమ తప్పు ఎంతో తెలుస్తుంది. చేసేవాళ్లున్నారు. అందరూ చేయాలన్నది నా అభిప్రాయం, ఎందుకంటే ఎక్కువగా తిరస్కారానికి గురయ్యేది లెక్కల్లో తక్కువగా కనిపించే జనమే. కొత్తగా వలస వెళ్లినవాళ్లు, రెండు దేశాల మధ్య బతుకుతున్నవాళ్లు, ఒకే ఇంటి కంప్యూటరును నలుగురు పంచుకునేవాళ్లు.

ఇది అమెరికా గొడవే అనుకోనక్కర్లేదు. మన కార్డుతో విదేశీ సైటులో కొంటున్నప్పుడు చాలాసార్లు ఓటీపీ రాదు, అక్కడ కాపలా కాసేది మన బ్యాంకు ఇంజినే. దేశంలో జరిగే చెల్లింపుల్లోనూ ఓటీపీ ఒక్కటే సరిపోవడం లేదు, మాయమాటలతో ఓటీపీని యజమాని నోటితోనే చెప్పించుకునే దొంగలు పెరిగారు. ఓటీపీ సరైనదే, కానీ దాన్ని కొట్టిన డివైజ్ కొత్తది, చోటు కొత్తది అని గమనించగలిగేది ఇంజిన్ ఒక్కటే. రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాలు ఈ దారిలోనే ఉన్నాయి. రెండు ధ్రువీకరణలు అలాగే ఉంచుతూ, చెల్లింపు జరిగే చోటు, డివైజ్ లక్షణాలు, ఖాతాదారు అలవాట్లు, గత చరిత్ర చూసి అవసరమైతే అదనపు తనిఖీ పెట్టుకోవచ్చని బ్యాంకులకు చెప్పాయి. ఇవి 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావాలి. విదేశీ ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు ప్రమాదాన్ని అంచనా కట్టే ఏర్పాటు 2026 అక్టోబరు 1 లోపు ఉండాలన్నారు. అంటే డాలస్ అమ్మాయికి ఎదురైన నిశ్శబ్దపు తీర్పు రేపు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్నవాళ్లకూ మరింత తరచుగా ఎదురుకావచ్చు.

అందుకని ఒక్క మాట. చెల్లింపు ఆగినప్పుడు వెంటనే మరో కార్డు తీయకండి, వీపీఎన్ పెట్టకండి. మీ పాత ఫోను, మీకు అలవాటైన ఖాతా ఉంటే దాని నుంచే ఒక్కసారి ప్రయత్నించి, కాకపోతే ఆపేయండి. ఇది చేసింది మీరేనా అని బ్యాంకు మెసేజ్ పంపితే, అది నిజంగా బ్యాంకు నుంచే వచ్చిందని చూసుకుని, అవునని జవాబివ్వండి. అందులో లింకు నొక్కమన్నా, ఓటీపీ చెప్పమన్నా అది బ్యాంకు కాదు. ఆపింది దుకాణమైతే వాళ్ల కస్టమర్ కేర్‌కు ఒక ఉత్తరం రాయండి. ఆర్డరు సమయం, మొత్తం, కార్డు చివరి నాలుగంకెలు చాలు, అంతకు మించి ఇవ్వొద్దు. ఊరుకున్నవాళ్లను ఇంజిన్ దొంగల లెక్కలోనే ఉంచేస్తుంది. మీరు అడిగితేనే అక్కడ ఒక మనిషి ఆ ఫైలు తెరిచి, ఇది తప్పు తీర్పు అని గుర్తు పెడతాడు.